నూట నలభై ఆరు తక్కువ

ప్రతి నెలా నాలుగో తారీఖున అంగుళం మాస్టారు మా బ్యాంకుకి వచ్చేవారు. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా సరే, టోకెన్ పట్టుకుని నా కౌంటరు ముందే నిలబడేవారు. నేను క్యాషియర్ని. ఇరవై తొమ్మిదేళ్ళుగా అద్దం వెనకాల కూర్చుని ఊళ్ళోవాళ్ళ డబ్బు లెక్కపెడుతున్నాను. నా నోరు మంచిది కాదని బ్రాంచి మొత్తానికి తెలుసు. నోట్లు నలిపి తెచ్చినవాణ్ణీ, స్లిప్పులో అంకెలు కొట్టేసి మళ్ళీ రాసినవాణ్ణీ ఊరికే వదలను. మాస్టారు మాత్రం నా చేత ఒక్క మాట పడింది లేదు. నోట్లన్నీ ఒకే వైపు తిప్పి, స్లిప్పు గుండ్రటి అక్షరాలతో నింపి తెచ్చేవారు. అలాంటి మనిషిని నేను ముంచాను. ఆ సంగతే చెబుతున్నాను, మధ్యలో నన్ను వెనకేసుకు రాకండి.

ఆయన టైలరు. కొలత తీస్తే అంగుళం అటూ ఇటూ అవదని ఆ పేరు వచ్చింది. అసలు పేరు మా ఫారాల మీద ఉంటుంది, వీధిలో ఎవరూ వాడరు. మా బ్యాంకు వెనక సందులో మెట్ల కింద ఇరుకు దుకాణం. ముందు ఒక కుట్టు మిషను, గోడకి బల్ల, పైన చెక్కతో వేసిన అటక. ఆ అటకే ఇల్లు. భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. పొద్దున స్టవ్ మీద ఏదో ఒకటి వండుకుని, గిన్నెలోంచే నిలబడి తినేసి కిందకి దిగేవారు. నేను ఒకసారి బ్లౌజు ఇవ్వడానికి వెళ్ళి చూశాను. కంచం ఎందుకు పెట్టుకోరూ అంటే, ఒక్కడికి రెండు గిన్నెలు తోమడం దేనికమ్మా అన్నారు.  నేనూ ఇంట్లో అలాగే తింటాను.

జనం రెడీమేడ్ బట్టలకి అలవాటు పడ్డాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ప్యాంటు పొడుగు తగ్గించడానికీ, జిప్పు మార్చడానికీ వచ్చేవాళ్ళే మిగిలారు. అప్పుడాయన ధైర్యం చేసి ఎంబ్రాయిడరీ మిషను కొన్నారు. హోటళ్ళ వాళ్ళ చొక్కాల మీదా, ఆసుపత్రి కోట్ల మీదా గుర్తులు కుట్టే మిషను. దానికి ఒక ఫైనాన్సు కంపెనీ అప్పిచ్చింది. నెలకి ఆరు వేల రెండు వందల నలభై, ముప్పై ఆరు వాయిదాలు. ఐదో తారీఖు పొద్దున మా బ్యాంకులో ఉన్న ఆయన ఖాతాలోంచి కంపెనీయే తీసుకునేట్టు కాగితం మీద సంతకం పెట్టారు. ఆయన చేయాల్సిందల్లా నాలుగో తారీఖున డబ్బు తెచ్చి వేయడం.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆయన పద్ధతిలో ఉంది. ఒకరి చొక్కా కుడితే లోపల అంగుళమున్నర మడత వదులుతారు, రేపు ఒళ్ళొస్తే విప్పుకోవచ్చని. ఖాతాలో మాత్రం ఏమీ వదిలేవారు కాదు. సరిగ్గా ఆరు వేల రెండు వందల నలభై వేస్తారు, మర్నాడు అది పోతుంది. పాత ముప్పై ఒక్క రూపాయి అడుగున పడి ఉంటుంది. ఇంకో వెయ్యి వేసి ఉంచండి మాస్టారూ అంటే వినరు. ఖాతాలో డబ్బు కనబడితే ఖర్చు పెట్టబుద్ధేస్తుందట. మిగిలింది దుకాణంలోనే బొత్తాల డబ్బాలో దాచేవారు. ఇరవై నెలలు ఒక్క రోజు తప్పలేదు.

ఆ దాచేది దేనికో నాకు తెలుసు. ఆయనకో అక్క ఉంది. ఆయన కంటే ఆరేళ్ళు పెద్దది, ఆవిడా ఒంటరిదే. వేరే ఊళ్ళో ఆసుపత్రి వార్డులో పనిచేసి రిటైరైంది. ఆదివారం పొద్దున తమ్ముడికి ఫోన్ చేస్తుంది, పది నిమిషాలు మాట్లాడుతుంది. వారం మొత్తంలో ఆయనకి వచ్చే ఫోను అదొక్కటే. ఆవిడ ఉంటున్న అద్దె ఇంటివాళ్ళు జూలై నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. సరిగ్గా అప్పుడే మా సందు చివర కింది వాటాలో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. అక్కగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు, కింది వాటా అయితే బాగుంటుంది. ఆవిడ రిటైర్మెంటు డబ్బు పెట్టి, తక్కువ పడింది మా బ్యాంకులో అప్పు తీసుకుని, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉందామని అనుకున్నారు. అమ్మే మనిషి కొంత అడ్వాన్సు పుచ్చుకుని జూలై నెలాఖరు దాకా గడువిచ్చాడు.

ఆ కబురు చెప్పిన రోజు మాస్టారి ముఖం చూడాలి. నా కౌంటరు ముందు నిలబడి, వెనక క్యూ ఉందన్న ధ్యాస కూడా లేకుండా, వంటగది ఎన్ని అడుగులో, కిటికీ ఏ వైపో చెబుతూనే ఉన్నారు. వెనక ఉన్నవాళ్ళు సణుగుతుంటే వాళ్ళ మీద నేను ఒంటికాలి మీద లేచాను. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడుతుంటే రెండు నిమిషాలు ఆగలేరా అని.

ఇప్పుడు మార్చి నెల దగ్గరికి వస్తున్నాను. ఆ ముందు ఏడాది మార్చిలో మాకు ఏటీఎం కార్డుల టార్గెట్ ఇచ్చారు. కనబడిన ప్రతివాడికీ ఒక కార్డు అంటగట్టాలి. నేను మాస్టారికి కూడా అంటగట్టాను. మొదటి ఏడాది ఉచితం మాస్టారూ, పడుండనివ్వండి అన్నాను. ఆయన కవరు కూడా విప్పలేదు. ఏడాది తిరిగేసరికి దాని వార్షిక రుసుము పడింది, పన్నుతో కలిపి నూట డెబ్బై ఏడు. ఖాతాలో ఉన్నది ముప్పై ఒకటి. కంప్యూటర్ ఊరుకుంటుందా, రావాల్సింది అని గుర్తు పెట్టుకుని కూర్చుంది. నాలుగో తారీఖున మాస్టారు వాయిదా డబ్బు తెచ్చి నా చేతికిచ్చారు, నేను లెక్కపెట్టి జమ చేశాను, అది పడీ పడగానే నూట డెబ్బై ఏడూ లాగేసుకుంది. మిగిలింది ఆరు వేల తొంభై నాలుగు. ఐదో తారీఖు పొద్దున కంపెనీ ఆరు వేల రెండు వందల నలభై అడిగింది. నూట నలభై ఆరు తక్కువ.

తక్కువైతే ఉన్నంత ఇచ్చి పంపడం ఉండదు. మొత్తం ఉంటే మొత్తం, లేకపోతే ఏమీ లేదు. అడిగిన డబ్బు లేదని మా బ్యాంకు తిప్పి పంపింది, తిప్పి పంపినందుకు మాస్టారి ఖాతాలోంచే పన్నుతో సహా ఐదు వందల తొంభై తీసుకుంది. అక్కడ కంపెనీ కూడా వాయిదా తప్పినందుకు ఐదు వందలు రాసుకుంది, ఆ పైన ఆలస్యం అయిన రోజులకి జరిమానా. ఇంత జరుగుతుంటే ఆయనకి తెలియదా అంటారు. ఫోనుకి మెసేజీలు వచ్చాయి. ఆయన ఫోనులో చదవని మెసేజీలు పద్నాలుగు వందలు ఉన్నాయి, తర్వాత చూశాను. పాస్‌బుక్ వేసుకుందామంటే మా ప్రింటింగ్ మెషిను జనవరి నుంచి మూలన పడి ఉంది. బాగుచేసేవాడు వస్తాడు వస్తాడు అని మేనేజరు జూన్ దాకా చెప్పాడు.

మెసేజీలు చూడకపోయినా ఫోన్లు వచ్చాయి. ఇదిగో, ఇక్కడ నేను వచ్చాను.

ఆ ఫిబ్రవరిలోనే మా వీధి పాలబూత్ ఆవిడకి ఎవడో ఫోన్ చేసి, బాకీ ఉందని బెదిరించి, ఖాతా ఊడ్చేశాడు.  అప్పటినుంచి కౌంటరుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, బ్యాంకని ఎవడు ఫోన్ చేసినా కట్ చేయండి అని. మార్చి రెండో వారంలో మాస్టారు చిల్లర కోసం వచ్చి, ఎవరో అమ్మాయి రోజూ ఫోన్ చేస్తోందమ్మా, ఈ నెల వాయిదా రాలేదంటోంది, ఏమిటో కాస్త చూస్తారా అని మెల్లగా అడిగారు. నా ముందు కంప్యూటరుంది. ఆయన ఖాతా నంబరు నాకు కంఠతా వచ్చు. నాలుగు మీటలు నొక్కితే తెలిసిపోయేది. నొక్కలేదు.

"నాలుగో తారీఖున డబ్బు నా చేతికిచ్చారా లేదా? నేను లెక్కపెట్టుకున్నానా లేదా? ఇంక రాకపోవడం ఏమిటి మాస్టారూ, వాళ్ళు దొంగలు. మళ్ళీ చేస్తే మాట్లాడకండి, కట్ చేసేయండి" అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను ఒక అమాయకుణ్ణి కాపాడానని ఆ రోజంతా మురిసిపోయాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకుని ఆ మాట పక్క కౌంటరు ఆయనకి చెప్పుకున్నాను కూడా.

కంపెనీ వాళ్ళు మార్చి పదిహేనున ఇంకోసారి అడిగారు. అప్పటికి ఖాతాలో ఉన్నది ఐదు వేల ఐదు వందల నాలుగు, మా బ్యాంకు కోసుకున్నాక. మళ్ళీ తిరిగి వెళ్ళింది, మళ్ళీ ఐదు వందల తొంభై. ఏప్రిల్ నాలుగున మాస్టారు మామూలుగా వాయిదా డబ్బు తెచ్చారు. పాత నెలది అడుగున ఉండిపోయింది కాబట్టి తెర మీద పదకొండు వేల చిల్లర కనబడింది. చూశాను. చూసి ఏమన్నానో తెలుసా? ఖాతాలో బాగానే వెనకేస్తున్నారే మాస్టారూ, అక్కగారు వస్తున్నారనా అన్నాను. ఆయన సిగ్గుపడి నవ్వారు. ఇంటి డబ్బు గురించి వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు నాది. నా తెలివి తగలెయ్య.

ఏప్రిల్ ఐదున వాయిదా వెళ్ళింది. కానీ వెళ్ళిన డబ్బు ఏప్రిల్‌ది కింద పడదు. పాత బాకీ ముందు తీరాలి, అందుకని అది మార్చి వాయిదా కింద జమ అయింది, ఏప్రిల్‌ది బాకీ పడింది. పదిహేనున ఆ బాకీ కోసం మళ్ళీ అడిగారు, చాలక మళ్ళీ తిరిగి వెళ్ళింది. మేలోనూ ఇదే వరస. మనిషి ప్రతి నెలా టంచనుగా కడుతూనే ఉన్నాడు, ప్రతి నెలా ఆలస్యంగా కడుతున్నట్టు రాసుకుంటున్నారు. నాలుగుసార్లు తిరిగి వెళ్ళినందుకు మా బ్యాంకు ఒక్కటే రెండు వేల మూడు వందల అరవై తీసుకుంది. నూట నలభై ఆరు కోసం.

జూన్ పదో తారీఖున అక్కగారు ఊరి నుంచి వచ్చారు, ఇంటి అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టడానికి. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చేతిలో పెద్ద సంచీ. తమ్ముణ్ణి అందరి ముందూ ఒరేయ్ చిన్నోడా అని పిలుస్తుంటే యాభై ఏడేళ్ళ మాస్టారు పొంగిపోతున్నారు. నా కౌంటరు దగ్గరికి వచ్చి, వీడు మీ గురించే చెబుతుంటాడమ్మా, ఆ బ్యాంకులో నన్ను పట్టించుకునేది ఆవిడొక్కతే అంటాడు అంది. ఇంట్లోకి దిగాక మొదటి రోజు భోజనానికి నన్ను రావాలంది. వస్తానన్నాను. నన్ను ఎవరైనా భోజనానికి పిలిచి ఎన్నేళ్ళయిందో.

వాళ్ళిద్దరూ లోన్ల ఆఫీసరు గదిలోకి వెళ్ళారు. పావుగంట తర్వాత ఆఫీసరు నన్ను పిలిచింది, ఈ ఖాతా మీకు తెలుసటగా, ఒకసారి రండి అని. ఆవిడ చెడ్డ మనిషి కాదు, రూల్సు మనిషి. అప్పు తీసుకున్న ప్రతివాడికీ ఒక చిట్టా ఉంటుంది. ఎవరు ఎప్పుడు కట్టారు, ఎన్ని రోజులు ఆలస్యం అయింది అని అప్పిచ్చినవాళ్ళందరూ పంపిస్తే, దాన్నిబట్టి మనిషికో స్కోరు వేస్తారు. ఇంటి అప్పు ఇచ్చేముందు అది చూడకుండా ఇవ్వరు. ఫిబ్రవరి దాకా మాస్టారి స్కోరు ఏడు వందల ఎనభై పైన ఉందట. ఇప్పుడు ఆరు వందల అరవై కిందకి దిగింది. నెలాఖరుకి లెక్కేస్తే మార్చి ఇరవై ఆరు రోజులు లేటు, ఏప్రిల్ ఇరవై ఐదు, మే ఇరవై ఆరు. ఈ రోజుకీ ఒక వాయిదా బాకీ. కాగితం తిప్పి నా వైపు పెట్టింది.

నేను ఖాతా తెరిపించి చూశాను. వరసగా చదువుకుంటూ వస్తుంటే నూట డెబ్బై ఏడు దగ్గర నేను అంటగట్టిన కార్డే కనబడింది. చిన్న గొంతుతో ఆఫీసరుకి వివరించాను. ఆవిడ విని, అది మనకి అర్థమవుతుంది, చిట్టాకి అర్థం కాదు కదా అంది. నడుస్తున్న బాకీ ఉండగా, ఈ స్కోరుకి, ఫైలు పైకి పంపడానికే వీల్లేదంది. మొత్తం తీర్చేసి, అది చిట్టాలో ఎక్కి, ఇంకో ఆరు నెలలు తప్పకుండా కడితే అప్పుడు చూద్దాం అంది. ఆరు నెలలంటే డిసెంబరు. గడువు జూలై.

అప్పుడు ఆఫీసరు మాస్టారిని అడిగింది.

"బాకీ ఉందని వాళ్ళు ఫోన్లు చేసుంటారే. రాలేదా?"

మాస్టారు నా వైపు చూడలేదు. టేబుల్ అంచు మీద దుమ్ము వేలితో తుడుస్తూ అన్నారు. "వచ్చాయండీ. నేనే తీయలేదు."

నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో. అంత నోరున్నదాన్ని, నా నోరు పెగల్లేదు. అక్కగారు తమ్ముడి భుజం మీద ఒక్కటి వేసింది. తీస్తే నీ సొమ్మేం పోతుందిరా అంది. ఆ దెబ్బ నాకు పడాల్సింది.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి మాస్టారితో ఆ ఫైనాన్సు కంపెనీకి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. గాజు తలుపు వెనకాల వరసగా బల్లలు, చెవులకి ఫోన్లు తగిలించుకున్న ఆడపిల్లలు. మా ముందు కూర్చున్న అమ్మాయి ఖాతా నంబరు కొట్టి, ఆగి, మాస్టారి వైపు చూసింది.

"మీరేనా సార్? నేనే మీకు ఫోన్ చేసేదాన్ని. నలభై ఒక్కసార్లు చేశాను. ప్రతిసారీ సారీ అమ్మా అని పెట్టేసేవారు."

తిడుతున్నట్టు అనలేదు. చాలాకాలంగా తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది. లెక్క ముందు పెట్టింది. ఒక వాయిదా, నాలుగుసార్లు తిరిగి వచ్చినందుకు రెండు వేలు, ఆలస్యానికి మూడు వందల డెబ్బై. మొత్తం ఎనిమిది వేల ఆరు వందల పది. నేను వాళ్ళ మేనేజరు మీదకి వెళ్ళాను. ఇరవై నెలలు తప్పకుండా కట్టినవాడి దగ్గర ఈ దోపిడీ ఏమిటని నిప్పులు చెరిగాను. ఆయన విసుక్కోకుండా విని, జరిమానా మూడు వందల డెబ్బై కొట్టేశాడు. చిట్టాలో రాసింది కూడా కొట్టేయమన్నాను. అది కుదరదన్నాడు. తప్పుగా రాసుంటే దిద్దుతాం, జరిగిందే రాశాం కదండీ, బాకీ తీరిందని ఈ పక్షంలోనే పంపిస్తాం, ఆ మూడు నెలలు మాత్రం అలాగే ఉంటాయి అన్నాడు. మళ్ళీ నోరెత్తాను కానీ మాస్టారు నా చెయ్యి మీద తట్టారు. మనిషి చెప్పేది సబబే కదమ్మా, పదండి అన్నారు. బొత్తాల డబ్బాలోంచి తెచ్చిన డబ్బు లెక్కపెట్టి కట్టేశారు. నోట్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

అద్దెకి తీసుకోండి, ఇద్దరూ కలిసి ఉండడమే కదా ముఖ్యం అని అక్కగారిని నేను బతిమాలాను. ఆవిడ వినలేదు. పద్నాలుగు ఇళ్ళు మారానమ్మా, ఇంకో ఇంటివాడి గుమ్మం ఎక్కే ఓపిక లేదు అంది. ఆవిడ ఖాళీ చేయాల్సిన తారీఖు దగ్గరపడింది. అంతలో ఎక్కడో దూరాన నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్లో వార్డెన్ పని దొరికింది. గది వాళ్ళదే, భోజనం వాళ్ళదే. రెండేళ్ళకి సంతకం పెట్టి వెళ్ళిపోయింది. కింది వాటా ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. అమ్మినాయన అడ్వాన్సు పైసాతో సహా తిరిగిచ్చాడు, దానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

జూలై నాలుగున నేను సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదని రాశాను. అబద్ధం. ఆయన ముందు కూర్చోడానికి ముఖం చెల్లలేదు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని, పదకొండయ్యేసరికి, ఇప్పుడు టోకెన్ తీసుకుని ఉంటారు, ఇప్పుడు నా కుర్చీ ఖాళీగా చూసి ఉంటారు అనుకున్నాను. 

ఆగస్టు నాలుగున వెళ్ళాను. ఎన్ని నెలలని తప్పించుకుంటాను. పదకొండు దాటాక ఆయన వచ్చారు. కాస్త వంగినట్టు కనిపించారు, లేక నాకే అలా అనిపించిందో. స్లిప్పు లోపలికి తోశారు. చూస్తే ఏడు వేల రెండు వందల నలభై. వెయ్యి ఎక్కువ. తప్పు రాశారేమో అనుకుని అంకె మీద వేలు పెట్టి చూపించాను.

"లేదమ్మా, అంతే వేయండి. ఖాతాలో పడుండనివ్వండి. ఇప్పుడు దాచాల్సిన పనేం లేదు కదా" అన్నారు.

నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలో లెక్క తప్పింది. నా సర్వీసులో అలా ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళ మీద చెప్పొచ్చు. నోట్లు కింద పెట్టేశాను. ఆ రోజు లోన్ల గదిలో మీరు నా మాట ఎందుకు చెప్పలేదు మాస్టారూ అని అడిగాను. కట్ చేయమన్నది నేను. మీరొచ్చి అడిగితే చూడకుండా అన్నది నేను. పక్కనే నిలబడి నోరు మూసుకున్నదీ నేనే. తిట్టండి, నలుగురి ముందూ తిట్టండి అన్నాను. నా గొంతు పెద్దదయినట్టుంది, క్యూలో వాళ్ళు తలలెత్తారు.

ఆయన కంగారుపడి అద్దానికి దగ్గరగా వంగారు.

"మిమ్మల్ని అనేదేముందమ్మా. మీరు చెప్పారని కట్ చేసేవాణ్ణి, నిజమే. కానీ వెంటనే చేసేవాణ్ణి కాదు. ఆ అమ్మాయి, నమస్కారం సార్, బాగున్నారా అని మొదలుపెట్టేది. కొన్ని రోజులైతే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దొంగలే అయి ఉంటారని తెలుసు. అయినా ఆ ఒక్క ముక్కా విని అప్పుడు పెట్టేసేవాణ్ణి."

 ఆయన స్లిప్పు చివర వేలితో సరిచేసి, మామూలు గొంతుతో అన్నారు.

"ఇప్పుడు బాకీ లేదు కదా. ఎవరూ చేయడం లేదు."

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. స్లిప్పు మీద స్టాంపు వేసి, చింపి, ఆయన ముక్క ఆయనకిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. తర్వాతి టోకెన్ పిలిచాను.